హెర్బల్ ఫేస్ క్రీమ్ అమ్మే ముందు: లేబుల్ మీద రాసేది, ల్యాబ్‌లో తేల్చుకునేది

నమస్కారమండి. ఇక్కడికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది చిన్న బ్యాచ్‌లలో, అంటే కిలో, రెండు కిలోల చొప్పున క్రీమ్ చేసి సొంత పేరుతో అమ్మాలనుకుంటున్నవాళ్లు. అందుకే పెద్ద కంపెనీల వ్యవహారాలు పక్కన పెట్టి, ఒకే ఒక క్రీమ్ తీసుకుందాం. దాని ఫార్ములా దగ్గర మొదలుపెట్టి, లేబుల్ మీద ఏం రాయాలి, ఏయే పరీక్షలు చేయించాలి, అవి ఎక్కడ తప్పుతాయి అన్నది వరసగా చూద్దాం.

నిబంధనలు దేశానికో రకంగా ఉంటాయి. నేను మాటల్లో ఐరోపా సమాఖ్య 1223/2009 నియమావళినీ, భారతదేశపు కాస్మెటిక్స్ రూల్స్ 2020నీ ఎక్కువగా ప్రస్తావిస్తాను. అమ్మేది ఎక్కడైతే అక్కడి చట్టమే చివరి మాట. మీరు ఎక్కడ తయారుచేశారన్నది కాదు, కొనేవాళ్లు ఎక్కడున్నారన్నదే లెక్క. ఆన్‌లైన్‌లో పొరుగుదేశానికి ఒక్క డబ్బా పంపినా అక్కడి లేబుల్ నిబంధనలు మీకు వర్తిస్తాయి. తయారీకి లైసెన్సు కావాలా వద్దా అన్నది కూడా ఇలాగే దేశాన్ని బట్టి మారుతుంది. భారతదేశంలోనైతే సౌందర్య సాధనాల తయారీకి లైసెన్సు తప్పనిసరి, దాని నంబరు లేబుల్ మీద ఉండాలి. అది చిన్న బ్రాండ్ కాబట్టి వర్తించదు అనుకునేందుకు వీల్లేదు.

సరే, మన క్రీమ్. వంద గ్రాములకు లెక్క చెబుతాను, రాసుకోండి. నీరు 62.2, పొద్దుతిరుగుడు నూనె 12, కలబంద రసం 10, ఎమల్సిఫయింగ్ వ్యాక్స్ 6, పసుపు సారం 5, గ్లిజరిన్ 3, సోడియం బెంజోయేట్ 0.5, విటమిన్ ఈ 0.5, పొటాషియం సార్బేట్ 0.3, లావెండర్ నూనె 0.3, సిట్రిక్ యాసిడ్ 0.2. కూడితే సరిగ్గా వంద. చూడడానికి చాలా మామూలు ఫార్ములా. మన చర్చకు కావలసిన చిక్కులన్నీ ఇందులో ఉన్నాయి.

ముందు పదార్థాల జాబితా రాద్దాం. నియమం సులువే: ఒక శాతం కంటే ఎక్కువ ఉన్నవన్నీ ఎక్కువ నుంచి తక్కువకు వరసలో రాయాలి, ఒక శాతం అంతకన్నా తక్కువ ఉన్నవి వాటి తర్వాత ఏ వరసలోనైనా రాయొచ్చు. ఐరోపాలోనూ భారతదేశంలోనూ ఇదే పద్ధతి. పేర్లు మాత్రం ఇంట్లో పిలిచే పేర్లు కాదు, ఐఎన్‌సీఐ అనే అంతర్జాతీయ పేర్లు. నీరంటే ఆక్వా, పొద్దుతిరుగుడు నూనె అంటే హెలియాంథస్ యాన్యూస్ సీడ్ ఆయిల్, పసుపు సారమంటే కర్కుమా లాంగా రూట్ ఎక్స్‌ట్రాక్ట్.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. మన ఫార్ములాలో పసుపు సారం 5 శాతం ఉంది కదా అని గ్లిజరిన్‌కి ముందు రాసేస్తారు. ఆ సీసా తీసుకొని సరఫరాదారు ఇచ్చిన కాగితం చదవండి. ద్రవరూపంలో దొరికే మొక్కల సారాల్లో సారం కొంచెమే ఉంటుంది, మిగతాదంతా దాన్ని కరిగించిన ద్రవం. మన సీసాలో గ్లిజరిన్ 75 శాతం, నీరు 20, అసలు పసుపు సారం 4, ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ 1 శాతం ఉందనుకుందాం. మనం 5 గ్రాములు వేశాం. అంటే క్రీమ్‌లోకి వెళ్లిన గ్లిజరిన్ 3.75 గ్రాములు, నీరు 1 గ్రాము, ఫినాక్సీఇథనాల్ 0.05 గ్రాము, పసుపు 0.2 గ్రాము మాత్రమే.

ఎమల్సిఫయింగ్ వ్యాక్స్ కూడా ఒకే పదార్థం కాదు. ఉదాహరణకు అందులో నూటికి 80 సెటియరైల్ ఆల్కహాల్, 20 పాలీసోర్బేట్ 60 ఉంటే, మన 6 గ్రాములు 4.8గా, 1.2గా విడిపోతాయి. ఇప్పుడు ఒకే పేరున్నవాటిని కలపండి. నీరు 63.2, పొద్దుతిరుగుడు నూనె 12, కలబంద రసం 10, గ్లిజరిన్ 6.75, సెటియరైల్ ఆల్కహాల్ 4.8, పాలీసోర్బేట్ 60 అనేది 1.2. ఇక్కడితో ఒక శాతం గీత వచ్చేసింది. దాని కింద సోడియం బెంజోయేట్, టోకోఫెరాల్ అనే పేరుతో విటమిన్ ఈ, పొటాషియం సార్బేట్, లావెండర్ నూనె, పసుపు సారం, సిట్రిక్ యాసిడ్, ఫినాక్సీఇథనాల్. డబ్బా ముందువైపు పెద్ద అక్షరాల్లో పసుపు క్రీమ్ అని వేసుకున్నాం, పసుపేమో జాబితా తోకలో ఉంది. చదవడం తెలిసిన వినియోగదారు దీన్ని పట్టేస్తారు. పట్టుకోకపోయినా జాబితా నిజం చెప్పాలి. పసుపు పేరు ముందుకు రావాలంటే సారం ఎక్కువ గాఢతలో ఉన్న ముడిసరుకు కొనాలి తప్ప వరస మార్చకూడదు.

కలబంద దగ్గర కూడా ఇదే జాగ్రత్త. కొన్నిచోట్ల కలబంద రసమని వచ్చేది నిజానికి ఎండు పొడిని నీళ్లలో కలిపింది. అలా అయితే ఆ 10 గ్రాముల్లో 9 గ్రాములకు పైగా నీరే, లెక్కలో నీటిలోకి వెళ్లిపోవాలి. రసం నిల్వ ఉండేందుకు సరఫరాదారు అందులో ముందే సోడియం బెంజోయేట్ వేసి ఉండొచ్చు కూడా. కాబట్టి ప్రతి ముడిసరుకుకూ శాతాలతో విడివిడిగా రాసిన కూర్పు కాగితం అడగండి. అది ఇవ్వని సరఫరాదారు దగ్గర కొంటే మీ జాబితా ఊహే అవుతుంది.

లావెండర్ నూనె 0.3 శాతమే వేశాం, కానీ దాని వెనక ఇంకో పేరుంది. లావెండర్ నూనెలో లినలూల్ అనే సువాసన పదార్థం సుమారు 30 శాతం ఉంటుందనుకుంటే, క్రీమ్‌లో అది 0.09 శాతం. ముఖానికి రాసి కడగకుండా వదిలేసే ఉత్పత్తుల్లో ఇలాంటి అలర్జీ కారకాలు 0.001 శాతం దాటితే ఐరోపాలో పేరు పెట్టి రాయాలి. మనది ఆ హద్దుకు 90 రెట్లు. ఇంతకుముందు ఇలా రాయాల్సినవి 26 ఉండేవి, 2023లో వచ్చిన సవరణతో ఆ జాబితా 80 దాటింది. సహజమైన నూనె కదా, రాయక్కర్లేదు అనే వాదన చెల్లదు. లినలూల్ మొక్క నుంచి వచ్చినా ఫ్యాక్టరీ నుంచి వచ్చినా చర్మం ఒకేలా స్పందిస్తుంది. ఇంకో మాట, పాతబడి గాలి సోకి ఆక్సీకరణం చెందిన లినలూల్ తాజాదాని కంటే ఎక్కువగా అలర్జీ తెస్తుంది. మూత సరిగా బిగించని పాత లావెండర్ సీసాను ఖర్చు చేద్దామని క్రీమ్‌లో వేయకండి.

జాబితా అయింది. ఇప్పుడు ఈ క్రీమ్‌లో ఎక్కువగా ఉన్నదాని దగ్గరకు వద్దాం. నీరు 63 శాతం, దానికి తోడు కలబంద. ఇంత నీరు, కాస్త చక్కెరలు, మొక్కల పదార్థం కలిసి ఉన్నచోట బ్యాక్టీరియా, బూజు పెరగడానికి కావలసినవన్నీ ఉన్నట్టే. పైగా రోజూ వేలు ముంచే డబ్బా. అందుకే ప్రిజర్వేటివ్ వేశాం. విటమిన్ ఈ ప్రిజర్వేటివ్ కాదండి, ఇది గట్టిగా చెప్పాలి. అది నూనె కనరెక్కకుండా ఆపుతుంది, బ్యాక్టీరియాను ఆపదు. వేప నూనో, ఏదో సుగంధ నూనో వేశాను కదా, అదే కాపాడుతుంది అన్నది కూడా పరీక్షలో చాలాసార్లు నిలబడదు.

మనం వేసింది సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్. వీటి గుట్టు పీహెచ్‌లో ఉంది. బెంజోయేట్ పనిచేసేది ఆమ్లరూపంలో ఉన్నప్పుడే, విడిపోని బెంజోయిక్ యాసిడ్‌గా ఉన్నప్పుడే సూక్ష్మజీవి లోపలికి చొరబడగలదు. పీహెచ్ 5 దగ్గర మనం వేసినదాంట్లో సుమారు 14 శాతమే ఆ రూపంలో ఉంటుంది. పీహెచ్ 6కి వెళ్తే అది 2 శాతం లోపుకు పడిపోతుంది. అంటే బరువు తూచి సరిగ్గా 0.5 శాతం వేసినా, క్రీమ్ పీహెచ్ 6 ఉంటే దాదాపు ప్రిజర్వేటివ్ లేనట్టే. లేబుల్ మీద పేరుంటుంది, డబ్బాలో పనుండదు.

పీహెచ్ ఎక్కడ తప్పుతుందంటే, చాలామంది నీటి భాగం తయారుచేసినప్పుడే పీహెచ్ చూసి, సిట్రిక్ యాసిడ్ కలిపి, సరిపోయిందనుకొని ముందుకెళ్తారు. ఆ తర్వాత వేసే సోడియం బెంజోయేట్ పీహెచ్‌ని మళ్లీ పైకి తోస్తుంది. కాబట్టి క్రీమ్ మొత్తం తయారై చల్లారాక, ప్రిజర్వేటివ్ కూడా కలిసిపోయాక కొలవాలి. ఒక గ్రాము క్రీమ్‌ని 9 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో బాగా కలిపి, ఆ రోజే 4, 7 ద్రావణాలతో సరిచూసుకున్న మీటర్‌తో చూడండి. రంగు కాగితాలు పసుపున్న క్రీమ్‌లో పనికిరావు, పసుపు రంగు కాగితం రంగును కప్పేస్తుంది. మర్నాడు మళ్లీ కొలవండి. ఈ క్రీమ్‌కి 4.5 నుంచి 5 మధ్య లక్ష్యంగా పెట్టుకోవడం మంచిది.

పొడుల విషయం ఒకటి చెప్పి ముందుకెళ్తాను. కొందరు సారానికి బదులు పసుపు పొడో, వేపాకు పొడో నేరుగా క్రీమ్‌లో కలుపుతారు. మొక్కల పొడిలో మట్టి నుంచి వచ్చిన బ్యాక్టీరియా విత్తులు, అంటే స్పోర్లు ఉంటాయి. క్రీమ్ తయారీలో మనం 70, 75 డిగ్రీల వేడికి తీసుకెళ్తాం, ఆ వేడికి అవి చావవు. పొడి రేణువుల్లో దాక్కున్న వాటి దగ్గరకు ప్రిజర్వేటివ్ కూడా సరిగా చేరదు. భారలోహాల భయమూ పొడులతోనే ఎక్కువ, ఎందుకంటే మట్టిలో ఉన్న సీసం, ఆర్సెనిక్ మొక్కతో పాటు వచ్చేస్తాయి. మొక్కల ముడిసరుకు ప్రతి లాట్‌కూ సూక్ష్మజీవుల లెక్క, భారలోహాల రిపోర్టు అడగండి. మొదటిసారి ఒక సరఫరాదారు దగ్గర కొంటే ఆయన రిపోర్టుతో ఆగకుండా మీరూ ఒకసారి ల్యాబ్‌కి పంపండి.

ఇక సూక్ష్మజీవుల పరీక్షలు రెండు రకాలు, వీటిని చాలామంది ఒకటే అనుకుంటారు. మొదటిది లెక్కింపు. ఈ రోజు ఈ డబ్బాలో ఎన్ని ఉన్నాయో చెబుతుంది. ఐఎస్‌ఓ 17516 ప్రకారం మామూలు ఫేస్ క్రీమ్‌లో బ్యాక్టీరియా, ఈస్టు, బూజు అన్నీ కలిపి గ్రాముకు 1,000 దాటకూడదు. కళ్ల చుట్టూ రాసేదైతే, మూడేళ్లలోపు పిల్లలకైతే 100. అంతేకాక సూడోమోనాస్ ఎరుజినోసా, స్టెఫిలోకాకస్ ఆరియస్, ఈ. కోలై, కాండిడా ఆల్బికాన్స్ ఒక గ్రాములో అసలు కనిపించకూడదు. మొత్తం లెక్క 50 వచ్చినా, సూడోమోనాస్ ఉందంటే ఆ బ్యాచ్ పనికిరాదు. నీటి నుంచి వచ్చే జీవి అది, చాలాసార్లు సరిగా ఆరని పాత్రలు, గొట్టాలు, నిల్వ నీరు దానికి కారణం. లెక్కింపు ప్రతి బ్యాచ్‌కీ చేయించాలి.

రెండోది ఛాలెంజ్ టెస్ట్, ఐఎస్‌ఓ 11930. ఇది క్రీమ్ తనను తాను కాపాడుకోగలదా అని అడుగుతుంది. ఇప్పుడు చెప్పిన నాలుగింటికీ ఆస్పర్‌జిల్లస్ బ్రసిలియెన్సిస్ అనే బూజు చేర్చి, ఐదింటినీ విడివిడి నమూనాల్లోకి కావాలని ఎక్కించి, 28 రోజులు చూస్తారు. 7, 14, 28వ రోజుల్లో ఎన్ని బతికున్నాయో లెక్కిస్తారు. మొదటి శ్రేణి ప్రమాణం ఇలా ఉంటుంది: బ్యాక్టీరియా 7వ రోజుకు వెయ్యో వంతుకు తగ్గాలి, ఆ తర్వాత మళ్లీ పెరగకూడదు. గ్రాముకు 10 లక్షలు ఎక్కిస్తే వారానికి 1,000 మించి మిగలకూడదన్నమాట. కాండిడా 7వ రోజుకు పదో వంతుకు తగ్గాలి. బూజు మొండిది కాబట్టి 14వ రోజుకు పెరగకుండా ఉంటే చాలు, 28వ రోజుకు పదో వంతుకు తగ్గాలి.

రిపోర్టు చేతికి రాగానే కింద ఉన్న ఉత్తీర్ణత మాట ఒక్కటే చూడకండి. 7వ రోజుకు బాగా తగ్గి 28వ రోజుకు మళ్లీ పైకి వచ్చిన జీవి ఉందా అని చూడండి. అలా ఉంటే ప్రిజర్వేటివ్ మొదట్లో పనిచేసి తర్వాత చేతులెత్తేసిందని అర్థం. రెండోది, న్యూట్రలైజర్ సరిచూశారా అని అడగండి. ఇది హెర్బల్ క్రీమ్‌లకు చాలా ముఖ్యం, కాస్త ఆగి చెబుతాను. బతికున్నవాటిని లెక్కించడానికి ల్యాబ్‌వాళ్లు క్రీమ్ నమూనాను పోషక మాధ్యమంలో పెంచుతారు. క్రీమ్‌లోని ప్రిజర్వేటివ్, మొక్కల సారం కూడా ఆ పళ్లెంలోకి వెళ్తాయి. వాటి ప్రభావాన్ని చంపే పదార్థం కలపకపోతే, బతికున్న జీవులు కూడా పళ్లెంలో పెరగలేక కనబడవు. మీకు సున్నా అని రిపోర్టు వస్తుంది, డబ్బాలో అవి హాయిగా ఉంటాయి. మామూలు ప్రిజర్వేటివ్‌లకు ఏ న్యూట్రలైజర్ వాడాలో ల్యాబ్‌లకు తెలుసు. మీ మొక్కల సారం వాళ్లకు కొత్త. అందుకే ఫార్ములా పూర్తిగా ఇచ్చి, ఈ ఉత్పత్తితోనే సరిచూసిన ఫలితం రిపోర్టులో చేర్చమని చెప్పాలి.

ఛాలెంజ్ టెస్ట్ ప్రతి బ్యాచ్‌కీ అక్కర్లేదు, ఫార్ములాకు ఒకసారి. కానీ సువాసన మార్చినా, పసుపు సారం వేరే సరఫరాదారు దగ్గర కొన్నా, ఎమల్సిఫయర్ మార్చినా అది కొత్త ఫార్ములాయే. పాలీసోర్బేట్ లాంటి ఎమల్సిఫయర్లు కొన్ని ప్రిజర్వేటివ్‌లను తమలో బంధించేస్తాయి కాబట్టి ఆ మార్పు చిన్నది కాదు.

ఈ పరీక్షలన్నిటికీ ఎంత క్రీమ్ కావాలో ముందే లెక్కవేసుకోవాలి, లేకపోతే మధ్యలో నమూనా అయిపోతుంది. స్థిరత్వ పరీక్షకు మూడు చోట్ల డబ్బాలు పెడదాం: ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గర, 25 డిగ్రీల గదిలో, 40 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో. ఒకటి, రెండు, మూడు నెలలకు రెండేసి డబ్బాలు తీస్తే 18. మొదటి రోజుకు రెండు. 25 డిగ్రీల దగ్గర ఆరు నెలలు, ఏడాది, ఏడాదిన్నర, రెండేళ్లకు మరో ఎనిమిది. మొత్తం 28. డబ్బా 50 గ్రాములైతే 1.4 కిలోలు. ల్యాబ్‌కి లెక్కింపుకు, ఛాలెంజ్ టెస్ట్‌కు కలిపి 300 గ్రాముల దాకా తీసిపెట్టండి. కాబట్టి పరీక్షల బ్యాచ్ కిలో చాలదు, 2 కిలోలు చేయాలి. ఒకే బ్యాచ్ కావాలి, రెండు సార్లు కిలో చొప్పున చేసింది కాదు.

డబ్బాలు అమ్మబోయే డబ్బాలే కావాలి. గాజు బీకరులో బాగున్న క్రీమ్ ప్లాస్టిక్ డబ్బాలో ప్రవర్తన మార్చుకోవచ్చు, సువాసన నూనెలు కొన్ని ప్లాస్టిక్‌లోకి ఇంకిపోతాయి, మూత లోపలి పొర ఉబ్బుతుంది. ప్రతిసారీ చూడాల్సినవి: రంగు, వాసన, నూనె గాని నీరు గాని పైకి తేలిందా, పీహెచ్, చిక్కదనం, డబ్బా బరువు. మొదటి రోజున మూతతో సహా తూచి రాసుకోండి. బరువు తగ్గుతుంటే మూత సందులోంచి నీరు పోతోంది. లేబుల్ మీద 50 గ్రాములని రాశారు కాబట్టి, షాపు అరలో 48కి తగ్గితే అది బరువు మోసంగా లెక్కకొస్తుంది.

మన క్రీమ్‌లో ప్రత్యేకంగా కనిపెట్టాల్సింది పసుపు రంగు. వెలుతురు పడితే కర్కుమిన్ విరిగిపోయి రంగు వెలిసిపోతుంది. రెండు డబ్బాలు తీసుకొని, ఒకటి కిటికీ దగ్గర అలాగే, రెండోది అల్యూమినియం రేకు చుట్టి దాని పక్కనే పెట్టండి. రెండు వారాలకు మూతలు తీసి పక్కపక్కన చూడండి. కిటికీ దగ్గరి డబ్బాలో పైపొర పాలిపోయి, స్పూన్‌తో కిందికి గీస్తే లోపల ఇంకా పసుప్పచ్చగా ఉంటే, అది వెలుతురు చేసిన పనే, పారదర్శక డబ్బా మీకు కుదరదు. రెండూ ఒకేలా మారితే కారణం వెలుతురు కాదు, పీహెచ్ చూడండి. క్షారగుణం వైపు వెళ్తే కర్కుమిన్ ఎర్రబారుతుంది, త్వరగా చెడుతుంది కూడా.

పీహెచ్ అంకెను కూడా ఊరికే రాసి వదిలేయకూడదు. మొదట 4.8 ఉన్నది 40 డిగ్రీల దగ్గర రెండు నెలలకు 5.3కి వచ్చిందనుకోండి. అర పాయింటే కదా అనిపిస్తుంది. కానీ పనిచేసే రూపంలో ఉన్న బెంజోయేట్ 20 శాతం నుంచి 7 శాతానికి పడిపోయింది. అలాంటప్పుడు అక్కడే మూడు నెలలు నిల్వ ఉన్న డబ్బాతో ఛాలెంజ్ టెస్ట్ మళ్లీ చేయించాలి. కొత్త క్రీమ్ నెగ్గడం గొప్ప కాదు, గడువు చివర్లో ఉన్న క్రీమ్ నెగ్గాలి.

రవాణాకు సంబంధించి ఇంకో చిన్న పరీక్ష: 24 గంటలు 5 డిగ్రీల దగ్గర, 24 గంటలు 45 డిగ్రీల దగ్గర, ఇలా ఐదు విడతలు. అంతకు ముందే సెంట్రిఫ్యూజ్ దొరికితే 3,000 ఆర్‌పీఎం దగ్గర అరగంట తిప్పండి. అక్కడే నూనె విడిపోతే నెలల తరబడి ఆగక్కర్లేదు, ఫార్ములా సరిచేసుకోవాలి.

ఇప్పుడు లేబుల్ మీదకు మళ్లీ వద్దాం, తేదీల దగ్గరకు. 40 డిగ్రీల దగ్గర మూడు నెలలు నిలబడిందని చాలామంది రెండేళ్ల గడువు వేసేస్తారు. పరిశ్రమలో ఆ అలవాటుంది. కానీ అది తాత్కాలిక అంచనా మాత్రమే. వేడిలో జరిగే మార్పులన్నీ మామూలు వేడిలో నెమ్మదిగా జరిగేవే అని చెప్పలేం, మైనం కరిగి విడిపోయే క్రీమ్ గది వేడిలో నిక్షేపంగా ఉండొచ్చు, ప్రిజర్వేటివ్ అరిగిపోయేది మాత్రం గది వేడిలోనే ఏడాది తర్వాత బయటపడొచ్చు. మొదటి బ్యాచ్‌లకు ఏడాది గడువు వేసి, 25 డిగ్రీల డబ్బాలు నిలబడే కొద్దీ పెంచుకోవడం నేను చెప్పే పద్ధతి.

ఐరోపాలో 30 నెలలలోపు నిలిచే ఉత్పత్తికి గడువు తేదీ వేయాలి, 30 నెలలకు మించి నిలిచేదైతే మూత తెరిచిన డబ్బా బొమ్మలో తెరిచాక ఎన్ని నెలలో చెప్పాలి. భారతదేశంలో ఏ నెల, ఏ సంవత్సరంలోపు వాడాలో రాయాలి. మన 50 గ్రాముల డబ్బాకు బ్యాచ్ నంబరు ఈ రెండుచోట్లా తప్పనిసరే. ఆ నంబరు మీ తయారీ పుస్తకంలో ఒక పేజీకి దారి చూపాలి: ఏ లాట్ పసుపు సారం, ఏ లాట్ ప్రిజర్వేటివ్, ఎంత తూచారు, చివరి పీహెచ్ ఎంత. నంబరు ఉండి పేజీ లేకపోతే ఫిర్యాదు వచ్చిన రోజున అమ్మినవన్నీ వెనక్కి తెప్పించాల్సి వస్తుంది, ఒక బ్యాచ్‌తో సరిపెట్టలేరు. ప్రతి బ్యాచ్ నుంచీ రెండు డబ్బాలు గడువు తీరాక కూడా ఒక ఏడాది దాచండి. ఇవికాక బరువు, తయారీదారు లేదా బాధ్యత వహించే సంస్థ పేరు, చిరునామా, జాగ్రత్తలు ఉండాలి. వీటిలో గందరగోళం తక్కువ, అక్షరాల పరిమాణం, భాష మాత్రం అమ్మే దేశం నియమాల్లో చూసుకోండి. క్రీమ్ తడి చేతులకు చెదిరిపోని సిరా వాడండి, అన్నిటికంటే ముందు చెరిగిపోయేది తేదీ, బ్యాచ్ నంబరే.

ఇక డబ్బా ముందువైపు మాటలు. సౌందర్య సాధనం అంటే శుభ్రం చేసేది, అందాన్ని పెంచేది, రూపాన్ని మార్చేది. మొటిమలను నయం చేస్తుంది, ఎగ్జిమాకు మంచిది, మంగు పోగొడుతుంది అన్న మాట పడగానే అదే క్రీమ్ చట్టం దృష్టిలో మందు అయిపోతుంది. ఫార్ములాలో ఏదీ మారకపోయినా ఒక్క వాక్యంతో మారిపోతుంది. ఆ వాక్యం డబ్బా మీద లేకపోయినా, మీ ఆన్‌లైన్ పేజీలో ఉన్నా అంతే. చర్మాన్ని మృదువుగా ఉంచుతుంది, తేమ నిలుపుతుంది, పొడిబారినట్టు కనిపించకుండా చేస్తుంది అనే మాటలు సౌందర్య సాధనాల హద్దులో ఉంటాయి.

మన క్రీమ్ మీద ప్రిజర్వేటివ్‌లు లేవని రాయగలమా? లేదు, మూడున్నాయి. వంద శాతం సహజం అని? పాలీసోర్బేట్ 60 ఉంది, కుదరదు. కెమికల్ ఫ్రీ అన్న మాటకు అర్థమే లేదు, నీరు కూడా రసాయనమే. ప్యారాబెన్‌లు లేవనడం నిజమే, కానీ చట్టం అనుమతించిన పదార్థాన్ని చెడ్డదిగా చూపే మాటలను ఐరోపా మార్గదర్శకాలు ఒప్పుకోవు. హెర్బల్ అన్న మాటకు అంతటా చెల్లే ఒక్క చట్టపరమైన నిర్వచనం లేదు. సహజ మూలం ఎంత శాతమో చెప్పాలనుకుంటే ఐఎస్‌ఓ 16128లో లెక్క కట్టే పద్ధతి ఉంది, కానీ అందులో నీటిని కూడా కలుపుకోవచ్చు. కాబట్టి ఆ శాతం పక్కన నీటితో కలిపా, లేకుండానా అన్నది రాయడం నిజాయితీ. ఎండ నుంచి కాపాడుతుంది అన్న మాట మాత్రం ఎస్‌పీఎఫ్ పరీక్ష చేయించనంత వరకు ముట్టుకోవద్దు. గింజల నూనెల్లో సహజ ఎస్‌పీఎఫ్ ఉందని నమ్మి ఎండలోకి వెళ్లేవాళ్ల ముఖాలు కాలతాయి.

చర్మ పరీక్ష గురించి అడుగుతున్నారు. స్నేహితులు పదిమంది రాసుకొని బాగుందన్నారు అన్నది పరీక్ష కాదు. అలర్జీ అనేది మొదటిసారి రాసినప్పుడు రాదు, శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపట్టాక వస్తుంది. అందుకే పదేపదే రాసి చూసే ప్యాచ్ పరీక్ష ఉంది. మామూలుగా మూడు వారాల్లో తొమ్మిది సార్లు ఒకే చోట ప్యాచ్ అంటించి, రెండు వారాలు వదిలేసి, మళ్లీ కొత్తచోట అంటించి 48, 96 గంటలకు చూస్తారు. 50 మందికి తగ్గకుండా, చర్మవైద్యుల పర్యవేక్షణలో చేస్తారు. ఇది ఖర్చుతో కూడుకున్నది కాబట్టి సూక్ష్మజీవుల, స్థిరత్వ పరీక్షలు నెగ్గిన తర్వాతే వెళ్లండి. ఇది చేయించనప్పుడు చర్మవైద్యులు పరీక్షించారన్న మాట రాయొద్దు. చేయించినా అలర్జీ రాదని రాయొద్దు, 50 మందిలో రానిది 51వ మనిషికి రావచ్చు.

చివరి ప్రశ్న వెనక నుంచి వచ్చింది: నీరే లేని క్రీమ్, అంటే వెన్నలు, నూనెలు, మైనం మాత్రమే ఉన్న బామ్ చేస్తే ఈ పరీక్షలన్నీ తప్పుతాయా అని. చాలా వరకు తేలికవుతాయి. స్వేచ్ఛగా ఉన్న నీరు లేనిచోట బ్యాక్టీరియా పెరగలేదు కాబట్టి ఛాలెంజ్ టెస్ట్ అవసరం తగ్గుతుంది, లెక్కింపు మాత్రం ఉండాలి. అక్కడ మీ శత్రువు నూనె కనరెక్కడం, దాన్ని పెరాక్సైడ్ విలువతో చూస్తారు, విటమిన్ ఈ నిజంగా పనికొచ్చేది అక్కడే. అయితే స్నానాల గదిలో తడి వేలు ముంచితే పైపొర మీద నీటి చుక్కలు నిలిచి అక్కడ బూజు పట్టొచ్చు. అందుకని నోరు వెడల్పు డబ్బాకు బదులు ట్యూబ్‌లో పోయండి, పొడి చేతులతో వాడమని లేబుల్ మీద రాయండి. అందులో కలబంద రసమో, రోజ్ వాటరో ఒక్క చెంచా కలిపారా, మళ్లీ మనం మొదలుపెట్టిన చోటికే, పీహెచ్ మీటర్ దగ్గరికి రావాల్సిందే.